‘సామరస్యం’ అన్న ఒక్క మాట: పీర్ల పండుగ థీసిస్‌కు వైవా సిద్ధం చేసిన తీరు

ఇది తెలంగాణలో మూడు ఊళ్ల పీర్ల పండుగ మీద రాసిన పీహెచ్‌డీ థీసిస్. శీర్షికలోనే ‘మతసామరస్యం’ అన్న మాట ఉంది. పరిశోధకుడు రెండు మొహర్రంలకు, అంటే 2022లోనూ 2023లోనూ, ఊళ్లలో ఉండి రాశాడు. ఇద్దరు ఎక్స్‌టర్నల్స్ నివేదికలూ అనుకూలంగానే వచ్చాయి. ఇక మిగిలింది వైవా. ఊళ్ల పేర్లు ఇవ్వకుండా మొదటి ఊరు, రెండో ఊరు, మూడో ఊరు అనే పిలుద్దాం. పేజీల, ఇంటర్వ్యూల అంకెలు నమూనాగా పెట్టినవి.

మతం మీద థీసిస్‌కు శత్రుభావంతో వచ్చే ప్రశ్నలు నాలుగైదు వైపుల నుంచి వస్తాయి. ఒకాయన ‘ఇది ఇస్లామే కాదు’ అంటాడు. ఇంకొకాయన ‘ఇది మన గ్రామదేవత పండగే, పైన ముసుగు వేశారు’ అంటాడు. మూడో ఆవిడ ‘కులం ఎక్కడ?’ అని నిలదీస్తుంది. చూడ్డానికి వీటికీ వాటికీ పొంతన లేదు. అన్నీ రాసిపెట్టుకుని ఒక్కోటి ఏ పేజీ మీద పడుతోందో గుర్తుపెడితే మాత్రం ఈ థీసిస్‌లో దాదాపు అన్నీ ఒకే మాట దగ్గరికి చేరాయి. పరిశోధకుడి దగ్గరున్న ఆధారం మోయగలిగిన దానికంటే ‘సామరస్యం’ పెద్ద మాట. అందుకే జవాబులు బట్టీ పట్టించే ముందు, ఆ మాటను ఆధారం మోయగలిగినంతకు దించడం మొదటి పని అయింది. ప్రెజెంటేషన్ అంతా ఆ పని చుట్టూనే కట్టారు.

ముందు తెలుసుకోవాల్సిన కట్టుబాట్లు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు థీసిస్ చదవాలి. ఇద్దరూ సరే అన్నాకే వైవా జరుగుతుంది. బోర్డులో గైడ్‌తోపాటు ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఉండాలి, ఆన్‌లైన్‌లో కూడా జరపొచ్చు. పరిశోధక సలహా కమిటీ సభ్యులు, అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థులు వచ్చి కూర్చోవచ్చు. మతం విషయంలో ఈ చివరి వెసులుబాటే అసలు కష్టం. పరీక్షకుడు థీసిస్ చదివి ప్రశ్న అడుగుతాడు. హాల్లో కూర్చున్నవాడు గోడ మీది నోటీసులో శీర్షిక చదివి అడుగుతాడు. అందుకే ఎక్కువ సిద్ధపడాల్సింది శీర్షిక మాత్రమే చదివినవాడి ప్రశ్నకు.

పరీక్షకుల నివేదికలు చేతికి రాగానే ఒక పట్టిక వేయాలి: వాళ్లు రాసిన ప్రతి అభ్యంతరం, దానికి థీసిస్‌లో జవాబున్న పేజీ, లేకపోతే ‘ఒప్పుకుంటాం’ అన్న మాట. ఈ కేసులో రెండు నివేదికలు కలిపి పదకొండు అభ్యంతరాలు తేలాయి. ఏడింటికి పేజీ దొరికింది, నాలుగు ఒప్పుకోవాల్సినవే. ఆ నాలుగింటినీ పరీక్షకుడు అడగకముందే చివరి స్లైడులో పెట్టారు. అడిగాక ఒప్పుకుంటే తప్పు దొరికినట్టుంటుంది. ముందే చెబితే పరిశోధనకున్న హద్దు చెప్పినట్టుంటుంది.

ప్రమాదకరమైన మాటల వేట

స్లైడ్లు మొదలుపెట్టే ముందు థీసిస్ మొత్తంలో కొన్ని మాటల్ని వెతికారు: సామరస్యం, పరస్పర, శతాబ్దాలుగా, అనాదిగా, అందరూ, హిందువులు, ముస్లింలు. ఇక్కడ తెలుగులో రాసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన అధ్యాయాల్లో వెతుకులాట పనిచేయదు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు, పొల్లులు చెదిరాయేమో కంటితో చూసుకోవాలి.

వెతికితే ‘అందరూ’ అన్న మాట ముప్పై చోట్లకు పైగా తేలింది. ‘ఊళ్లో అందరూ పీర్లను మొక్కుతారు’ అని రెండో అధ్యాయం అంటుంది. అయిదో అధ్యాయంలోనేమో మూడో ఊళ్లోని కొన్ని ముస్లిం కుటుంబాలు పీర్ల పండుగ మానేశాయని ఉంది. ఒకే థీసిస్‌లో రెండు మాటలు! పరీక్షకుడు గట్టివాడైతే ఈ రెండు పేజీలూ పక్కపక్కన తెరిచి పెట్టి ఊరుకుంటాడు, ప్రశ్న కూడా అడగడు. థీసిస్ అప్పటికే సమర్పించారు కాబట్టి రెండో అధ్యాయంలోని వాక్యాన్ని సవరణల జాబితాలో పెట్టి, స్లైడులో మాత్రం ‘మొదటి రెండు ఊళ్లలో మేం మాట్లాడిన ఇళ్లన్నీ’ అని రాశారు.

పండుగ పేరుదీ ఇదే గొడవ. మొదటి ముసాయిదా స్లైడులో ‘మొహర్రం పండుగ సంబరాలు’ అని ఉంది. మొహర్రం నెల పేరు. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ చనిపోయిన రోజు ఆ నెల పదో రోజు. షియాలకు అది సంతాపం. చాలామంది సున్నీలు ఆ రోజు ఉపవాసం ఉంటారు. హాల్లో ఒక్క షియా ఉన్నా ‘సంబరాలు’ అన్న మాట దగ్గరే ప్రెజెంటేషన్ ఆగిపోతుంది, ఆ అభ్యంతరం న్యాయమైనదే కూడా. చివరకు ఇలా ఖాయం చేశారు: ఊరివాళ్ల పేరు ‘పీర్ల పండుగ’, అది వాళ్ల మాట అని మొదటి స్లైడులోనే చెప్పాలి, ‘మొహర్రం’ను నెల పేరుగానే వాడాలి, ‘సంబరాలు’ ఎక్కడా రాకూడదు. ‘పీరు’ అన్న మాటకూ ఒక వాక్యం కేటాయించారు. సూఫీ సంప్రదాయంలో పీరు అంటే గురువు. ఈ ఊళ్లలో పీరు అంటే వెండి, ఇత్తడి రేకుతో చేసి కర్రకు తొడిగి గుడ్డలు చుట్టిన ఆలం, హసన్, హుస్సేన్, ఖాసిం పేర్లతో పిలిచేది. ఈ తేడా చెప్పకపోతే సూఫీ సాహిత్యం తెలిసిన పరీక్షకుడు అరగంట ఆ దారినే నడిపిస్తాడు.

ఒక్క స్లైడులో పదిహేను గడులు

పరిశోధకుడి దగ్గర రెండు మొహర్రంల నోట్సు, నలభై ఆరు ఇంటర్వ్యూలు, వందల ఫొటోలు ఉన్నాయి. మొదటి ముసాయిదాలో స్లైడ్లు యాభై రెండు. దాన్ని పద్నాలుగుకు దించారు, తొమ్మిది స్లైడ్లు వెనక దాచారు. సమయం ఇరవై అయిదు నిమిషాలు. ప్రశ్న ఏమిటో చెప్పడానికి రెండు నిమిషాలు, ఊళ్లు, పద్ధతి చెప్పడానికి నాలుగు. తొమ్మిదో రాత్రి నుంచి పదో రోజు పీర్లను సాగనంపే దాకా ఒక్క ఊళ్లో జరిగింది జరిగినట్టు చెప్పడానికి అయిదు. ఆ తర్వాత ఒకే ఒక్క పట్టిక మీద ఆరు నిమిషాలు. దాని నుంచి తేలినవి చెప్పడానికి నాలుగు, హద్దులకు రెండు, పరీక్షకుల సూచనలకు రెండు.

ఆ పట్టిక ఇది. ఇందులో ముజావర్ అంటే పీర్ల సేవ చూసే ముస్లిం, ఫాతెహా అంటే ఆయన చదివే ప్రార్థన, అలావ అంటే చావిడి ముందు తవ్వే నిప్పుల గుండం:

| పని | మొదటి ఊరు | రెండో ఊరు | మూడో ఊరు |
|---|---|---|---|
| పెట్టె తెరిచి పీర్లను కూర్చోబెట్టడం | ఊళ్లోని ముజావర్ కుటుంబం | పక్క ఊరి ముజావర్, పది రోజులకు వస్తాడు | ముజావర్ కుటుంబంలో ఒక్క అన్న. తమ్ముళ్లు మానేశారు |
| ఫాతెహా చదవడం | ముజావర్ | ముజావర్ | ముజావర్ |
| పీరు ఎత్తడం | మొక్కున్న గౌడ, ముదిరాజ్ ఇళ్లు | మొక్కున్న ఇళ్లు, మాదిగ ఇళ్లు తప్ప | మొక్కున్న ఇళ్లు. కొత్తగా ఎవరూ చేరడం లేదు |
| డప్పు | మాదిగ ఇళ్లు, వంతుల ప్రకారం | మాదిగ ఇళ్లు | కూలికి తెచ్చిన బ్యాండు |
| అలావ తవ్వడం, కట్టెలు తేవడం | రైతుల ఇళ్లు, ఇంటికో మోపు | ఊరి చందా | ఊరి చందా |

ఈ పట్టిక మీదనే పరిశోధకుడు ‘సామరస్యం’ను దించాడు. అతను చెప్పాల్సిన వాక్యం ఇలా ఖాయమైంది: “ఈ థీసిస్ సామరస్యం అన్న మాటతో మొదలైంది. అయిదో అధ్యాయానికి వచ్చేసరికి ఆధారం చెప్పింది వేరు. ఊరు ఈ పండుగను పంచుకుంటుంది, కానీ ఎవరికి ఏ పని హక్కో కట్టుబాటు ఉంది. పంచుకోవడం, హద్దు గీయడం ఒకే పనిలో కనిపిస్తాయి.” శీర్షిక మార్చాలంటే మళ్లీ అనుమతుల గొడవ. అందుకే శీర్షికలోని మాటను వైవాలో ప్రశ్నగా వాడుకున్నారు. పరీక్షకులు దీన్ని తప్పించుకోవడం అనుకోరు, అనుకున్నా అయిదో అధ్యాయం చేతిలో ఉంది.

తొమ్మిదో రాత్రి కథనానికి అయిదు నిమిషాలు ఎక్కువని గైడ్లు అంటూంటారు. మతం మీది థీసిస్‌కు అది తక్కువే. చావిడి ముందు అలావలో నిప్పు, చుట్టూ ఆడేవాళ్లు, మలీద ఎవరింటి నుంచి వచ్చింది, ఎవరు తిన్నారు, ఎవరు తీసుకుని పక్కన పెట్టారు అన్నంత వివరంగా ఒక రాత్రి కళ్లకు కడితేనే తర్వాతి పట్టికలో గడులు ఎక్కడి నుంచి వచ్చాయో వినేవాళ్లకు తెలుస్తుంది. నలభై సెకన్ల వీడియో ఒకటి పెట్టారు. దాన్ని ప్రెజెంటేషన్‌లోకే ఎక్కించాలి, లంకెగా పెడితే హాల్లోని కంప్యూటర్‌లో తెరుచుకోదు.

ఫొటోల్లో మూడింటిని తీసేశారు. ఒకదాంట్లో పూనకం వచ్చిన మనిషి ముఖం స్పష్టంగా ఉంది. స్పృహలో లేనప్పటి ఫొటోకు ముందు ఇచ్చిన అనుమతి సరిపోదు, అది చూపించి అడిగితేనే సరిపోతుంది. రెండోదాంట్లో పిల్లలున్నారు. మూడోదాంట్లో పీరు కర్ర నేల మీద పడి ఉంది. దాన్ని చూపించి ఏమీ నిరూపించడం లేదు కాబట్టి ఊరికే బాధపెట్టే ఫొటో అది.

ఫాంటు సంగతి చిన్నదే కానీ ఎక్కువమందిని ముంచేది ఇదే. సొంత ల్యాప్‌టాప్‌లో బాగున్న తెలుగు, సెమినార్ హాల్లో పెట్టెలుగానో గజిబిజి రోమన్ అక్షరాలుగానో మారుతుంది. Nirmala UI లాంటి యూనికోడ్ ఫాంటు వాడి, ఒక PDF కూడా పక్కన పెట్టుకోవాలి. ముందు రోజు అదే హాల్లో, అదే తెర మీద పెట్టి వెనక వరుస నుంచి చదివి చూడాలి. పద్నాలుగు పంక్తులున్న స్లైడు వెనక నుంచి చదవలేరు, ఆరు పంక్తులు చదవగలరు.

ప్రశ్నలు, జవాబులు

జవాబుకు ఒకే నడక సాధన చేయించారు. ప్రశ్న కాగితం మీద రాసుకోవాలి. అందులోని విసురును వదిలేసి మిగిలిన ప్రశ్నను ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి. తన దగ్గరున్న ఆధారం, పేజీ చెప్పాలి. ఆధారం ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. అక్కడ ఆగాలి. మొత్తం నిమిషంన్నర దాటకూడదు. చివరిదే కష్టం. భయంలో మనిషి జవాబు అయ్యాక ఇంకో రెండు వాక్యాలు కలుపుతాడు, తర్వాతి ప్రశ్న ఆ రెండు వాక్యాల మీదే పడుతుంది.

*“ఇది షిర్క్. ఇస్లాంలో ఆలంలకు మొక్కడం లేదు. నువ్వు ఇస్లాం అని ఎలా రాస్తావు?”*

షిర్క్ అంటే అల్లాకు మరొకరిని సాటిగా నిలపడం. మొదటి మాక్‌లో, అంటే సాధన కోసం పెట్టిన నమూనా వైవాలో, పరిశోధకుడి జవాబు: “ఇది జానపద ఇస్లాం సర్.” ఈ జవాబుతో ఇద్దరికీ కోపం వస్తుంది. అడిగినాయనకు అసలు ఇస్లాం, తక్కువ ఇస్లాం అని రెండు చేసినట్టు వినిపిస్తుంది. ముజావర్ కుటుంబం వింటే తమది తక్కువదన్నట్టు ఉంటుంది. ఖురాన్ వాక్యం ఎత్తి వాదించడం ఇంకా ప్రమాదం, ఆ రంగంలో అడిగినాయనదే పైచేయి. ఖాయం చేసిన జవాబు:

“ఏది సరైన ఇస్లాం అన్నది తేల్చడం ఈ థీసిస్ పని కాదండి. మీరన్న అభ్యంతరం థీసిస్‌లో ఉంది. మూడో ఊళ్లో ముజావర్ గారి తమ్ముళ్లు ఇదే కారణం చెప్పి మానేశారు, 188వ పేజీలో వాళ్ల మాటల్లోనే ఉంది. ఆ ఇంట్లోనే అన్నగారు ఫాతెహా చదువుతున్నారు, ఆయన తనను ముస్లిం అనే చెప్పుకుంటున్నారు. ఒకే ఇంట్లో ఈ రెండు మాటలూ ఎలా ఉన్నాయన్నదే నేను రాసింది.”

ఈ జవాబు నిలిచేది తమ్ముళ్ల మాట నిజంగా థీసిస్‌లో ఉన్నప్పుడే. ఎదుటి పక్షం వాదం ఫీల్డ్ నోట్సులో ఉండి థీసిస్‌లోకి రాకపోతే, వైవాకు ముందే దాన్ని వెనక స్లైడుగానైనా తేవాలి.

*“ఇదంతా పాత గ్రామదేవత పండగే. మొక్కులు, పూనకాలు, నిప్పు, అన్నీ మనవే. ముస్లిం పేరు తగిలించారు, అంతే కదా?”*

ఇక్కడ పరిశోధకుడికి దొరికిన గట్టి ఆధారం పంచాంగం. చాలా గ్రామదేవత జాతరలు రుతువుతో, పంటతో ముడిపడి ఉంటాయి. మొహర్రం చాంద్రమాన హిజ్రీ నెల, అధికమాసం లేదు, కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పదో రోజు 2022లో ఆగస్టు 9న వచ్చింది, 2023లో జులై 29న. 1999లో ఏప్రిల్ ఆఖర్లో, నడి ఎండల్లో వచ్చింది. సుమారు ముప్పై మూడేళ్లకు అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. నాట్ల రోజుల్లో వచ్చినా, కోతల రోజుల్లో వచ్చినా ఊరు అప్పుడే చేస్తుంది.

అయితే ఈ ఆధారంతో గెలిచేశాం అనుకోకూడదు. పంచాంగం చెప్పేది ఈ పండుగ పంటకాలానికి కట్టుబడలేదని మాత్రమే. మొక్కు, పూనకం లాంటివి గ్రామదేవత ఆచారాల నుంచి రాలేదని చెప్పదు. జవాబు ఇలా సాగాలి: “మొక్కు తీర్చే పద్ధతిలో పోలిక ఉందండి, 142వ పేజీలో పోల్చాను. పండుగ రోజును మాత్రం ఊరు చంద్రుణ్ని చూసి పెట్టుకుంటుంది, పంటను చూసి కాదు. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే ఆధారం ఈ మూడు ఊళ్లలో నాకు దొరకలేదు.” ‘మనవే’ అన్న మాటను పట్టుకుని వాదించకూడదు. అందులో ప్రశ్న లేదు, విసురే ఉంది.

దీనికే అనుబంధంగా చరిత్ర ప్రశ్న వస్తుంది. థీసిస్ మొదటి పేజీలో ‘శతాబ్దాలుగా’ అని ఉంది. హైదరాబాద్‌లో మొహర్రంకు ఆలంలు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కుతుబ్ షాహీల కాలంలో, పదహారో శతాబ్దం చివర్లో కట్టిందే. కానీ నగరంలో రాజు కట్టించినంత మాత్రాన ఈ ఊళ్లో పీర్లు అప్పుడే ఉన్నాయని కాదు. ఊరి పాతదనానికి చూడాల్సినవి చావిడి ఇనాం భూమి కాగితాలు, వక్ఫ్ గెజిట్, పీరు రేకు మీద చెక్కిన అక్షరాలు. ఈ కేసులో దొరికింది మొదటి ఊరికి నిజాం కాలపు ఇనాం కాగితం ఒక్కటే. కాబట్టి స్లైడులో ‘శతాబ్దాలుగా’ కొట్టేసి ‘నిజాం కాలం నుంచి కాగితం ఉంది, అంతకు ముందుది ఊరి కథనం’ అని రాశారు.

*“హిందువులు పీర్లను ఎత్తుతున్నారు సరే. ముస్లింలు బోనాలు ఎత్తుతున్నారా? ఒకవైపు సహనాన్నే సామరస్యం అంటావా?”*

హాల్లో ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుందనుకోవాలి. సహజంగా నోట్లోంచి వచ్చే జవాబు: “మా ఊళ్లో కూడా ముస్లింలు వస్తారు సర్.” అది థీసిస్‌లో లేని మాట. మరుక్షణం ‘ఏ పేజీ?’ అని అడుగుతారు. సరైన జవాబు చిన్నది: “ఆ ప్రశ్నకు నా దగ్గర సమాచారం లేదండి. నేను ఊళ్లలో ఉన్నది రెండు మొహర్రంలకే, బోనాలప్పుడు లేను. అందుకే ‘పరస్పరం’ అన్న మాట అయిదో అధ్యాయంలో వాడలేదు.” ఈ చివరి వాక్యం నిజం కావడానికే మొదట్లో ఆ మాటల వేట. ఈ థీసిస్‌లో ‘పరస్పర’ రెండు చోట్ల దొరికింది, రెండూ ముందుమాటలో. అవి సవరణల్లోకి వెళ్లాయి.

*“నీ సామరస్యంలో మాదిగ ఇళ్లు ఎక్కడ? డప్పు కొట్టడమేనా వాళ్లకు మిగిలింది?”*

ఇది శత్రుభావంతో అడిగినా అన్నిటికంటే మంచి ప్రశ్న. జవాబు తెర మీద ఉంది, పట్టికకు తిరిగి వెళ్లాలి. రెండో ఊళ్లో పీరు ఎత్తే గడి చూపించి, మొక్కున్నా మాదిగ ఇళ్లకు ఆ హక్కు లేదన్నది తనే చెప్పాలి, పరీక్షకుడి చేత చెప్పించుకోకూడదు. తర్వాత ఒక్క తేడా చెప్పాలి: మూడో ఊళ్లో డప్పు పోయి బ్యాండు వచ్చింది. పాత వంతు పోవడం హీనత పోవడమా, హక్కు పోవడమా అన్నదానికి ఆ ఇళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఇంటర్వ్యూల్లో ఆ ఇళ్లవి ఆరే ఉన్నాయి, నలభై ఆరులో ఆరు. అది కొరత అని ఒప్పుకోవాలి. మాక్‌లో పరిశోధకుడు ఇక్కడ “కులం నా పరిశోధన పరిధి కాదు” అన్నాడు. పట్టికలో నాలుగు గడులు కులం పేర్లతోనే ఉన్నప్పుడు ఆ జవాబు చెల్లదు.

*“అఫ్సర్ మహమ్మద్ 2013లోనే పుస్తకం రాశారు. నువ్వు కొత్తగా చేసిందేమిటి?”*

పీర్ల పండుగ మీది ఆ పుస్తకం అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్లాయప్ప స్వామి అనే పీరు చుట్టూ సాగుతుంది. దూరప్రాంతాల నుంచి జనం వచ్చే క్షేత్రం అది. ఈ మూడు ఊళ్లకు బయటి జనం రారు. పీర్లు ఊరివే, చూసేది ఊరివాళ్లే. జవాబులో ఒక పోలిక, ఒక తేడా ఉంటే చాలు: భక్తిని పంచుకోవడం ఇక్కడా కనిపించింది, యాత్రికులు లేని చోట ఎవరికి ఏ హక్కన్నది ఎక్కువ గట్టిగా పట్టి ఉంచుతున్నారు. ముందటి పండితుణ్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా రాకూడదు. ఆ పుస్తకాన్ని బాగా చదివినవాళ్లు హాల్లో ఉంటారు.

‘మూడు ఊళ్లు చూసి తెలంగాణ అంటావా?’ అన్నదానికి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. తెలంగాణ గురించి థీసిస్ ఏమీ అనడం లేదనీ, ముస్లిం కుటుంబం ఉన్న ఊరు, లేని ఊరు, మానేస్తున్న ఊరు అని మూడు రకాల కోసం ఎంచుకున్నామనీ చెబితే చాలు. ‘నీది ఏ మతం?’ అని ఎవరైనా అడిగితే అధ్యక్షుడు ఆపవచ్చు, ఆపకపోయినా జవాబు పద్ధతి అధ్యాయంలో ఉండాలి: తన పేరు వల్ల ఏ తలుపులు తెరుచుకున్నాయి, ఏవి మూసుకున్నాయి. ఈ పరిశోధకుడికి ఆడవాళ్లు కూర్చుని ఏడుపు పాటలు పాడే గదిలోకి ప్రవేశం దొరకలేదు. అందుకే ఆ పాటల మీద థీసిస్‌లో ఏమీ లేదు. మతం పేరు చెప్పడం కంటే ఆ వాక్యం ఎక్కువ పని చేస్తుంది.

మూడు మాక్‌లు

మొదటిది గైడ్ ముందు, సమయం కోసం. ఇరవై అయిదు నిమిషాల ప్రెజెంటేషన్ ముప్పై ఎనిమిదికి వెళ్లింది. కోసింది సిద్ధాంతం స్లైడ్లలోనే, ఫీల్డు స్లైడ్లలో కాదు. రెండోది అడ్డంగా అడగడానికే పిలిచిన నలుగురి ముందు. ఒకరు చరిత్ర, ఒకరు ఇస్లామిక్ అధ్యయనాలు, ఒకరు దళిత అధ్యయనాలు, ఒకరు శీర్షిక తప్ప ఏమీ చదవనివాడు. ఈ నాలుగో మనిషి లేని మాక్ దండగ. ఫోన్‌లో రికార్డు చేసి విన్నప్పుడు రెండు తేలాయి. పరిశోధకుడు ప్రతి జవాబు ‘అంటే సర్, యాక్చువల్‌గా’ అని మొదలుపెడుతున్నాడు. కోపం వస్తే ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెడుతున్నాడు. కాగితం మీద ప్రశ్న రాసుకునే అలవాటు రెండోదాన్ని దానంతటదే ఆపింది. మూడో మాక్ అసలు హాల్లో, వెనక స్లైడ్లు నంబరు కొట్టి వెంటనే తెరవడం కోసం. ప్రెజెంటేషన్ నడుస్తుండగా 19 కొట్టి ఎంటర్ నొక్కితే పందొమ్మిదో స్లైడు వస్తుంది. తొమ్మిది వెనక స్లైడ్ల నంబర్లు ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఇద్దరు ప్రేక్షకులు ఒకరితో ఒకరు గొడవపడే సందర్భాన్ని కూడా రెండో మాక్‌లో ఆడించారు. అప్పుడు పరిశోధకుడి పని ఏ ఒక్కరి పక్షమూ తీసుకోకుండా, నవ్వకుండా కూర్చుని అధ్యక్షుడి వైపు చూడటం. ‘ప్రశ్న నాకైతే జవాబు చెబుతానండి’ అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ అనకూడదు.

వైవా తర్వాత మిగిలే పని

సవరణల జాబితాలో ‘అందరూ’, ‘పరస్పర’, ‘శతాబ్దాలుగా’ వచ్చిన వాక్యాలు, పరీక్షకులు ఒప్పించిన నాలుగు అంశాలు చేరాయి. ఇంకొకటి ఎవరూ అడగకపోయినా చేశారు. నిబంధనల ప్రకారం పట్టా ప్రకటనకు ముందే థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళ్లాలి, అక్కడి శోధ్‌గంగలో ఎవరైనా చదవొచ్చు. అనుబంధంలో ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల పేర్లు, ఇంటి పేర్లు, కులం, వయసు ఉన్నాయి. మూడో ఊళ్లో తమ్ముళ్లు అన్న గురించి చెప్పిన మాటలు పేరుతో సహా ఉన్నాయి. పేర్లు తీసి సంకేతాలు పెట్టినా, చిన్న ఊళ్లో ‘ముజావర్ రెండో తమ్ముడు’ అంటే ఎవరో అందరికీ తెలుసు. కాబట్టి 188వ పేజీలో ‘ఆ కుటుంబంలో ఒకరు’ అని మార్చి, ఊరి పేరు బదులు మండలం కూడా కాకుండా జిల్లా పేరే ఉంచి, మార్చిన పేజీని ఆ ఇంట్లో చదివి వినిపించాకే ఫైలు పంపారు.